సిడ్నీలో డే పాస్ లేదు, అయినా ఒక్క కార్డుతో ట్రామూ ఫెర్రీ రెండూ

సిడ్నీ వెళ్తున్నామనగానే అందరూ అడిగే మొదటి ప్రశ్న, "అక్కడ టూరిస్ట్ పాస్ ఎక్కడ కొనాలి?" అని. నగర రవాణాలో అలాంటి పాస్ లేదు. అక్కడి రవాణా కార్డు ఓపల్‌నో, మన బ్యాంకు కార్డునో పెట్టి ఎక్కేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి ట్యాప్ చేయడమే. ఒక రోజులో ఖర్చు ఒక హద్దు చేరాక ఆ పైన ఎక్కినవన్నీ ఉచితం. 2025 జులై ధరల ప్రకారం పెద్దవాళ్లకు సోమవారం నుంచి గురువారం వరకు రోజుకు 19.30 డాలర్లు, శుక్ర, శని, ఆదివారాల్లోనూ ప్రభుత్వ సెలవుల్లోనూ 9.65 డాలర్లు, వారం మొత్తానికి 50 డాలర్లు. ఆ హద్దు లోపల ట్రామ్ లెక్క ఒకలా, ఫెర్రీ లెక్క ఇంకోలా ఉంటుంది. తేడా తెలిస్తే ఏ రోజు ఎటు వెళ్లాలో తేలిపోతుంది.

మా చెల్లెలు వాళ్లు ఉండేది వెస్ట్‌మీడ్‌లో. ఆ చుట్టుపక్కల వెంట్‌వర్త్‌విల్, హారిస్ పార్క్ వైపు తెలుగువాళ్లు చాలామందే. 2024 డిసెంబరులో అక్కడి నుంచి పారమాటా మీదుగా కార్లింగ్‌ఫర్డ్ దాకా ఎల్4 అనే లైట్ రైల్, అంటే ట్రామ్, మొదలైంది. పారమాటాలో నది ఒడ్డున ఫెర్రీ రేవు ఉంది. అంటే నగరం మధ్యకి రైల్లో నలభై నిమిషాల్లో చేరే బదులు, ట్రామ్ ఎక్కి, కొంచెం నడిచి, పడవలో గంటన్నర కూర్చుని కూడా చేరొచ్చు. పని మీద వెళ్లేవాళ్లకి ఇది దండగ. ఊరు చూడటానికి వచ్చినవాళ్లకి మాత్రం నా దృష్టిలో ఇంతకు మించిన దారి లేదు.

మేం అమ్మని తీసుకుని ఒక శనివారం ఆ దారినే బయల్దేరాం. వెస్ట్‌మీడ్ ప్లాట్‌ఫాం మీద స్తంభాలకి ట్యాప్ చేసే యంత్రాలు ఉంటాయి, ట్రామ్ లోపల ఉండవు. మెల్‌బోర్న్‌లో ట్రామ్ లోపల ట్యాప్ చేసి అలవాటైనవాళ్లు ఇక్కడ నేరుగా ఎక్కేసి, లోపల యంత్రం కోసం వెతుక్కుంటూ ఉంటారు. దిగేటప్పుడూ అంతే, ప్లాట్‌ఫాం వదిలే ముందే ట్యాప్ చేయాలి. గేట్లు లేవు కాబట్టి ఎవరూ ఆపరు, అందుకే మర్చిపోవడం తేలిక. మర్చిపోతే ఎక్కడ దిగామో యంత్రానికి తెలియదు కాబట్టి అక్కడి నుంచి వెళ్లగలిగినంత దూరానికి పడే ఛార్జీ వేస్తుంది. ఫెర్రీ విషయంలో పెద్ద రేవుల్లో గేట్లుంటాయి, అక్కడ మర్చిపోయే అవకాశం తక్కువ. చిన్న రేవుల్లో మాత్రం మళ్లీ స్తంభాలే.

పారమాటా స్క్వేర్ దగ్గర దిగి రేవుకి నడిచాం. పడవ పేరుకి క్యాటమరాన్, కానీ మొదటి అరగంట నది సన్నగా ఉండటంతో చాలా నెమ్మదిగా కదులుతుంది. రెండు వైపులా మడ చెట్లు, నీళ్ల మీద వంగిన కొమ్మలు. అమ్మ "ఇది కోనసీమ కాలవలాగే ఉంది కదరా" అంది. రైడల్‌మేర్, ఒలింపిక్ పార్క్ దాటాక నది విప్పారుతుంది, పడవ కూడా వేగం అందుకుంటుంది. గ్లేడ్స్‌విల్ వంతెన కింద నుంచి వెళ్లాక ఊళ్లోకి వచ్చేశామని తెలుస్తుంది. చివర్లో హార్బర్ బ్రిడ్జి కింద నుంచి సర్క్యులర్ కీ రేవులోకి తిరుగుతుంది.

ఇక లెక్క చెప్తాను, మా బావకి ఇదంతా నోటికొచ్చు. ఫెర్రీకి రెండే ధరలు: తొమ్మిది కిలోమీటర్ల లోపు ఏడు డాలర్ల చిల్లర, ఆ పైన ఎంత దూరమైనా తొమ్మిది డాలర్లకి అటూ ఇటూ. ట్రామ్‌కి మూడు కిలోమీటర్ల లోపయితే మూడు డాలర్ల చిల్లరతో మొదలై దూరాన్ని బట్టి పెరుగుతుంది. రద్దీ లేని వేళల్లో, శుక్ర, శని, ఆదివారాల్లో ట్రామ్, రైలు, బస్సు ఛార్జీలో ముప్పై శాతం తగ్గిస్తారు. ఫెర్రీకి ఆ తగ్గింపు లేదు. పొద్దున ఆరింటికి ఎక్కినా మధ్యాహ్నం ఎక్కినా అదే ధర. ఇక ఒక రకం వాహనం దిగి అరవై నిమిషాల లోపు ఇంకో రకం ఎక్కితే రెండో దాంట్లో రెండు డాలర్లు తగ్గుతుంది. ఈ గంట దిగినప్పుడు చేసిన ట్యాప్ నుంచి మొదలవుతుంది, ఎక్కినప్పటి నుంచి కాదు. కాబట్టి పడవలో గంటన్నర కూర్చున్నా ఆ తర్వాత ఎక్కే ట్రామ్‌కి తగ్గింపు దొరుకుతుంది. ఎల్1 దిగి ఎల్2 ఎక్కితే మాత్రం ఇది వర్తించదు. రెండూ లైట్ రైలే కాబట్టి మొత్తాన్ని ఒకే ప్రయాణంగా చూసి దూరాన్ని బట్టి ఛార్జీ వేస్తుంది.

మా శనివారం లెక్క చూడండి. ట్రామ్‌కి రెండు డాలర్ల పైన, పారమాటా ఫెర్రీకి రెండు తగ్గి ఏడు డాలర్ల చుట్టూ. సర్క్యులర్ కీలో దిగేసరికే తొమ్మిదికి పైన అయిపోయింది, హద్దు 9.65. అక్కడ గంటకు పైగా గడిపి మూడో నంబరు రేవు నుంచి మ్యాన్లీ ఫెర్రీ ఎక్కితే ఇంకో తొమ్మిది పడాల్సింది, పడింది చిల్లర పైసలు. మ్యాన్లీ నుంచి తిరుగు ఫెర్రీ, జార్జి స్ట్రీట్ మీద ట్రామ్, రాత్రి వెస్ట్‌మీడ్‌కి రైలు అన్నీ సున్నా. అదే బుధవారం అయితే పారమాటా ఫెర్రీ, మ్యాన్లీ ఫెర్రీ రెండింటికీ నిజంగానే డబ్బులు కట్టాలి, తిరుగు ఫెర్రీ మధ్యలో గానీ 19.30 చేరదు. అందుకే నా సలహా ఒకటే: నీళ్ల మీద తిరగాల్సినవన్నీ శుక్ర, శని, ఆదివారాలకి పెట్టుకోండి. ట్రామ్‌తో అయ్యే చిన్న చిన్న తిరుగుళ్లు సోమవారం నుంచి గురువారం మధ్యలో చూసుకోండి. శని, ఆదివారాల్లో మ్యాన్లీ పడవకి జనం ఎక్కువ, అది ఒప్పుకోవాలి. పాత పెద్ద పడవల్లో పై డెక్ దొరికితే అరగంట ఇట్టే గడిచిపోతుంది. వాటికి ముందూ వెనకా ఒకేలా ఉండటంతో రేవులో వెనక్కి తిరగకుండానే తిరుగు ప్రయాణం మొదలుపెడతాయి.

వారం హద్దులో ఒక మెలిక ఉంది. అది సోమవారం తెల్లవారుజామున నాలుగింటికి మొదలై ఆదివారం అర్ధరాత్రి దాటాక ముగుస్తుంది. మీరు దిగిన రోజు నుంచి ఏడు రోజులు కాదు. గురువారం దిగితే ఆ నాలుగు రోజులూ రోజువారీ హద్దు దాకా తిరిగినా 48.25 డాలర్లే అవుతుంది, 50 చేరనే చేరరు. సోమవారం దిగి సోమ, మంగళ బాగా తిరిగితే 38.60 అవుతుంది, బుధవారం ఇంకో 11.40తో అయిపోతుంది, ఆ తర్వాత ఆదివారం వరకు ఊరంతా ఉచితమే. విమానం టికెట్ తేదీలు మన చేతిలో ఉంటే ఇది గుర్తుపెట్టుకోవాలి.

కార్డు విషయంలో బావ వాళ్ల అమ్మానాన్నలకి జరిగింది చెప్పాడు. ఎక్కేటప్పుడు కార్డుతో ట్యాప్ చేశారు, దిగేటప్పుడు చేతి వాచీలో ఉన్న అదే కార్డుతో చేశారు. కార్డు ఒకటే అయినా యంత్రం లెక్కలో రెండూ వేరు. దాంతో సగంలో ఆగిపోయిన రెండు ప్రయాణాలుగా చూసి రెండింటికీ గరిష్ఠ ఛార్జీ వేసింది, రోజువారీ హద్దు లెక్క కూడా రెండు ముక్కలైంది. "బావా, పొద్దున ఏది తీస్తే రాత్రి దాకా అదే" అని నాకు ముందే చెప్పి పెట్టాడు. ఒక కార్డుతో ఇద్దరు ఎక్కడం కూడా కుదరదు. మన దేశం నుంచి వచ్చేవాళ్లు బయల్దేరే ముందే బ్యాంకు యాప్‌లో విదేశీ వాడకం, కాంటాక్ట్‌లెస్ రెండూ ఆన్ చేసుకోవాలి. వీసా, మాస్టర్‌కార్డ్ పని చేస్తాయి. పిల్లలకి మాత్రం బ్యాంకు కార్డు వద్దు, దాంతో పెద్దవాళ్ల ఛార్జీ పడుతుంది. నాలుగు నుంచి పదిహేనేళ్ల వాళ్లకి చైల్డ్ ఓపల్ తీసుకోండి. నాలుగేళ్ల లోపు వాళ్లకి టికెట్ లేదు.

ఎక్కడ ఉండాలన్న ప్రశ్నకి నాకు నచ్చిన జవాబు హేమార్కెట్. ఒక పక్క ఎల్1, ఇంకో పక్క ఎల్2, ఎల్3 రెండూ నడక దూరంలో ఉంటాయి. ఎల్1 మీద పిర్మాంట్ బే దాకా వెళ్తే అక్కడ ఎఫ్4 ఫెర్రీ దొరుకుతుంది, ట్రామ్ నుంచి పడవకి మారడం అక్కడ చాలా తేలిక. సర్క్యులర్ కీ పక్కన హోటళ్లు అందంగా ఉంటాయి గానీ గది అద్దె చూస్తే గుండె గుభేల్. రేవు పక్కనే పడుకున్నంత మాత్రాన ఛార్జీలో మిగిలేదీ పెద్దగా లేదు. మ్యాన్లీలో దిగితే సముద్రం బాగుంటుంది, కానీ సోమ నుంచి గురు దాకా రోజూ రెండు పడవలకి కట్టాలి. బంధువులుంటే వెస్ట్‌మీడ్ నిక్షేపం, భోజనానికీ ఇబ్బంది ఉండదు.

ఈ హద్దులోకి రానివి రెండున్నాయి. మొదటిది ఎయిర్‌పోర్ట్ స్టేషన్ల ప్రవేశ రుసుము, మామూలు ఛార్జీ మీద పదిహేడు డాలర్లకి పైన. దాన్ని తప్పించుకోవాలంటే టెర్మినల్ బయట 420 నంబరు బస్సు ఎక్కి మాస్కాట్ స్టేషన్‌లో దిగి అక్కడ రైలు పట్టుకోవాలి. పెట్టెలు ఎక్కువుంటే ఆ డబ్బు కట్టేయడమే మేలు. రెండోది మ్యాన్లీకి వెళ్లే ప్రైవేటు ఫాస్ట్ ఫెర్రీ. అదీ సర్క్యులర్ కీ నుంచే బయల్దేరుతుంది, కానీ ఈ హద్దులు, తగ్గింపులు దానికి వర్తించవు. మామూలు మ్యాన్లీ ఫెర్రీ కావాలంటే రేవు మీద ఎఫ్1 అని ఆకుపచ్చ బోర్డు చూసుకుని ఎక్కండి.

పారమాటా ఫెర్రీ ఎక్కే రోజు ముందు యాప్‌లో టైములు చూసుకోండి. ఆటుపోట్లలో నీరు తగ్గినప్పుడు పడవ పారమాటా దాకా రాదు, రైడల్‌మేర్‌తో ఆగిపోతుంది. మిగతా దూరానికి బస్సు పెడతారు. ఆ టైమింగ్ తగిలితే మడ చెట్ల మధ్య సాగే ఆ మొదటి అరగంట పోయినట్టే. నీళ్లు నిండుగా ఉన్న పూట చూసుకుని వెళ్లాలి.