టీబీ గోల్డా, తెమడ పరీక్షా: ఏ అనుమానానికి ఏది మేలు?

మా ల్యాబ్ కిటికీ దగ్గరకు ఇరవై రెండేళ్ల కుర్రాడొకడు కాగితం పట్టుకొని వచ్చాడు. "సార్, మూత్రం ఎర్రగా వస్తోంది. కిడ్నీలు పోయినట్టేనా?" అన్నాడు. కాగితం చూశాను. టీబీ గోల్డ్ రక్తపరీక్ష, పాజిటివ్. తొమ్మిది రోజులుగా నాలుగు మందులున్న టీబీ బిళ్లలు మింగుతున్నాడు. అందులోని రిఫాంపిసిన్ వల్ల మూత్రం నారింజ, ఎరుపు రంగులోకి మారుతుంది, కిడ్నీలకేమీ కాలేదని చెప్పాను. ఆ తర్వాత నేనడిగిన ప్రశ్నలకు మాత్రం దాదాపు అన్నిటికీ లేదనే అన్నాడు. దగ్గుందా? లేదు. బరువు తగ్గావా? లేదు. తెమడ పరీక్ష చేశారా? లేదు. ఎక్స్‌రే? తీశారు, బాగానే ఉందన్నారు. మరి మందులెందుకు? నాలుగు రోజులు జ్వరం వస్తే డాక్టరు దగ్గరకు వెళ్లాడట. తన బావకు టీబీ ఉందని చెప్పేసరికి ఆయన రక్తపరీక్ష రాశారట.

ఈ తికమక రోజూ చూస్తుంటాను. టీబీ క్రిమి ఒంట్లో ఉండటం వేరు, టీబీ జబ్బు రావడం వేరు. మొదటిది నివురుగప్పిన నిప్పు. ఊపిరితో లోపలికెళ్లిన క్రిములను రోగనిరోధక కణాలు చుట్టుముట్టి గడ్డకట్టించి కూర్చోబెడతాయి. మనిషికి దగ్గుండదు, జ్వరముండదు, ఇంకొకరికి అంటించడు. మన దేశంలో 2019-21లో జరిగిన జాతీయ సర్వేలో పదిహేనేళ్లు దాటినవాళ్లలో సుమారు 31 శాతం మందిలో ఇలా క్రిమి సోకిన ఆనవాలు కనిపించింది. అందరూ రోగులైతే ఆసుపత్రులు చాలవు. సోకినవాళ్లలో నూటికి ఐదు నుంచి పదిమందికే జీవితకాలంలో ఎప్పుడో నివురు తొలగి జబ్బుగా లేస్తుంది, అదీ ఎక్కువగా సోకిన మొదటి కొన్నేళ్లలో. హెచ్‌ఐవీ ఉన్నా, పసిపిల్లలైనా ముప్పు ఇంకా పెద్దది.

కాబట్టి ప్రశ్నలు రెండు. క్రిమి లోపలికి వచ్చిందా? వచ్చింది లేచిందా? మన దగ్గరున్న పరీక్షల్లో ఏదీ ఈ రెండింటికీ కలిపి జవాబు చెప్పదు.

మొదటి ప్రశ్నకు వాడేవి మాంటూ, టీబీ గోల్డ్, కొత్తగా వచ్చిన సీవై-టీబీ. మూడూ క్రిమిని వెతకవు. మన రక్తకణాలకు ఆ క్రిమి గుర్తుందా అని అడుగుతాయి. పాత శత్రువు బట్ట ముక్క చూపిస్తే కుక్క మొరుగుతుందా లేదా అని చూడటం లాంటిది. మొరిగితే ఎప్పుడో కలబడ్డారని తెలుస్తుంది. శత్రువు ఇప్పుడు ఇంట్లో చెలరేగుతున్నాడో లేదో తెలియదు. వైద్యం పూర్తయిన ఏళ్ల తర్వాత కూడా ఆ కుక్క మొరుగుతూనే ఉండొచ్చు.

మాంటూలో ముంజేతి చర్మం పొరలోకి 0.1 మి.లీ. మందు ఎక్కిస్తారు. 48 నుంచి 72 గంటల్లో మళ్లీ వచ్చి చూపించుకోవాలి. ఇక్కడే తప్పులు జరుగుతాయి. ఎర్రదనాన్ని కొలిచేవాళ్లను చాలామందిని చూశాను. కొలవాల్సింది ఎర్రదనం కాదు, చేతికి తగిలే గట్టి ఉబ్బును. నేను బాల్‌పెన్నును చర్మం మీద బయట నుంచి మధ్యకు మెల్లగా జరుపుతాను. గట్టిదనం తగిలి పెన్ను ఆగిన చోట గీత ఉంటుంది. అవతలి వైపు నుంచి కూడా అలాగే. రెండు గీతల మధ్య దూరాన్ని ముంజేతికి అడ్డంగా స్కేలుతో కొలుస్తాను. 10 మి.మీ. లేదా అంతకు మించితే పాజిటివ్, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు 5 చాలు. మాంటూకు ఇంకో లోపముంది. పుట్టగానే వేసే బీసీజీ టీకాకు కూడా, మట్టిలో నీళ్లలో ఉండే క్షయేతర క్రిములకు కూడా కొందరి చెయ్యి ఉబ్బుతుంది.

టీబీ గోల్డ్‌కు, సీవై-టీబీకి ఆ బాధ దాదాపు లేదు. ఈఎస్‌ఏటీ-6, సీఎఫ్‌పీ-10 అనే రెండు ప్రొటీన్లు అసలు టీబీ క్రిమిలో ఉంటాయి, బీసీజీ టీకాలో ఉండవు. ఈ రెండు పరీక్షలూ వాటినే వాడతాయి. టీబీ గోల్డ్‌కు రక్తాన్ని నాలుగు గొట్టాల్లో తీసి, 16 నుంచి 24 గంటలు ఒంటి వేడిలో ఉంచి, కణాలు వదిలిన ఇంటర్‌ఫెరాన్ గామాను కొలుస్తారు. ఒక గొట్టంలో ఏమీ కలపరు. ఇంకో దాంట్లో ఎవరి కణాలనైనా రెచ్చగొట్టే పదార్థం ఉంటుంది. ఆ గొట్టం కూడా మూగబోతే నెగటివ్ అనకూడదు, తేల్చలేమని రాయాలి. సీవై-టీబీ మాంటూలాగే చేతికి వేసే సూది, హద్దు అందరికీ 5 మి.మీ. మన దగ్గర పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లకు అనుమతి వచ్చింది. మూడింట్లో నన్నడిగితే రెండోసారి రాగలిగే పెద్దవాళ్లకు సీవై-టీబీ మేలు. మళ్లీ వస్తారన్న నమ్మకం లేకపోతే ఒక్క సూదితో ముగిసే టీబీ గోల్డ్ మేలు. అమెరికా చదువులకు వెళ్లే మన పిల్లల్లో చాలామంది అక్కడి యూనివర్సిటీ అడిగితే చేయించుకునేది ఇదే. పాజిటివ్ వచ్చిందని ఇంటిల్లిపాదీ బెంబేలెత్తుతారు గానీ, ఎక్స్‌రే శుభ్రంగా ఉండి, లక్షణాలు లేకపోతే అది జబ్బు కాదు.

రెండో ప్రశ్నకు క్రిమినే పట్టుకోవాలి. అందుకు తెమడ కావాలి. జనం డబ్బాలో ఉమ్మి వేసి ఇస్తారు. నురగగా, నీళ్లలా ఉంటే అది ఉమ్మే, అందులో ఊపిరితిత్తుల్లోది ఏమీ ఉండదు. పొద్దున్నే నోరు నీళ్లతో పుక్కిలించి, ఆరుబయట నిలబడి, రెండు మూడుసార్లు గుండెల నిండా గాలి పీల్చి, లోపలి నుంచి దగ్గితే చిక్కగా, పసుపు పచ్చగా వచ్చేదే కళ్లె. మైక్రోస్కోపు కింద క్రిమి కనబడాలంటే ఒక మిల్లీలీటరులో ఐదు నుంచి పదివేల క్రిములైనా ఉండాలి. క్రిమి జన్యువును వెతికే సీబీనాట్ యంత్రానికి సుమారు 130 ఉంటే చాలు. పైగా రిఫాంపిసిన్ పనిచేస్తుందో లేదో కూడా రెండు గంటల్లోపు చెబుతుంది. గోవాలో తయారయ్యే ట్రూనాట్ కూడా ఈ కోవదే, చిన్న ఆసుపత్రిలోనూ నడుస్తుంది. వీటి లోపం ఒకటుంది. చచ్చిన క్రిమి జన్యువును కూడా ఇవి పట్టేస్తాయి. అందుకే ఇదివరకే వైద్యం చేయించుకున్నవాళ్లలో పాజిటివ్ వస్తే కల్చర్ చూడాలి. కల్చర్‌లో బతికున్న క్రిమే పెరుగుతుంది, కాకపోతే నెగటివ్ అని తేల్చడానికి ఆరు వారాలు ఆగాలి.

కుర్రాడి ఇంటికి వద్దాం. బావ గుంటూరు మిర్చి యార్డులో హమాలీ. మూడు నెలలు దగ్గుతూనే మూటలు మోశాడు. ఘాటుకు యార్డులో దగ్గనివాడెవడు? బరువు ఎనిమిది కిలోలు తగ్గాక వచ్చాడు, తెమడ పాజిటివ్. ఇంట్లో మిగిలింది భార్య, మూడేళ్ల పాప, తల్లి, ఈ బావమరిది. రోగితో ఒకే కప్పు కింద ఉన్నవాళ్లందరినీ చూడాలి కదా అని పిలిపించాం.

భార్యకు లక్షణాల్లేవు, ఎక్స్‌రే శుభ్రం, సీవై-టీబీ 11 మి.మీ. సోకింది, లేవలేదు. నివారణ మందు మొదలైంది, వారానికొకసారి చొప్పున పన్నెండు వారాలు. పాపకు చర్మపరీక్ష చేయనే లేదు. ఐదేళ్లలోపు పిల్లలకు జబ్బు లేదని తేలితే చాలు, పరీక్ష కోసం ఆగకుండా నివారణ మందు ఇస్తారు. ఆ వయసులో క్రిమి లేస్తే మెదడు పొరల దాకా పాకగలదు. పైగా క్రిమి సోకిన తర్వాత చర్మపరీక్ష పాజిటివ్ కావడానికి రెండు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ఈలోగా వచ్చిన నెగటివ్‌ను నమ్మి వదిలేస్తే మనమే మోసపోతాం.

బావ తల్లి విషయం వేరు. అరవై మూడేళ్లు, షుగరు, చుట్ట అలవాటు. "నాది చుట్ట దగ్గు నాయనా, నలభై ఏళ్లుగా ఉంది" అంది. ఎక్కడో టీబీ గోల్డ్ చేయించారు, నెగటివ్. ఇంటిల్లిపాదీ హమ్మయ్య అనుకున్నారు. షుగరు, ముసలితనం, జబ్బు ముదరడం కణాల గొంతు నొక్కేస్తాయి, కుక్క మొరగదు. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి పైభాగాన మచ్చ కనిపించింది. అది పాతదా కొత్తదా అని ఎక్స్‌రే చెప్పలేదు. మొదటి డబ్బాలో ఇచ్చింది ఒట్టి ఉమ్మి, ట్రూనాట్ నెగటివ్. "మామ్మా, రేపు పొద్దున నీ చుట్ట కంటే ముందు నా డబ్బా" అని చెప్పి పంపాను. మర్నాడు చిక్కటి కళ్లె తెచ్చింది, పాజిటివ్.

ఆమెను కూడా క్రిమి సోకిందంతే అనుకొని నివారణ మందు ఇచ్చి ఉంటే? ఊపిరితిత్తుల్లో పుండుపడి గుంత ఏర్పడితే అందులో పదికోట్ల క్రిములుండొచ్చు. పదిలక్షలకొకటి చొప్పున, నివారణకు వాడే ఐసోనియాజిడ్‌కు లొంగనివి సహజంగానే ఉంటాయి. అంటే ఆ మందు ఒక్కటే ఇస్తే మిగతావన్నీ చచ్చి ఆ వంద మిగులుతాయి, అవే పెరుగుతాయి. నివారణ మందుకు ముందు జబ్బు లేదని తేల్చుకోవడం ఇందుకే. సోకిందా లేదా అన్న పరీక్ష వీలుపడకపోయినా ఫరవాలేదు, లేచిందా అన్నది మాత్రం ముందు చూడాలి. దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు అడిగి వదిలేస్తే చాలదు. జాతీయ సర్వేలో ఎక్స్‌రే తీయకపోతే నూటికి నలభైమందికి పైగా రోగులు తప్పిపోయేవారు, వాళ్లకు చెప్పుకోదగ్గ లక్షణాలే లేవు. సోకడానికి, జబ్బుకు మధ్య గీత పుస్తకంలో ఉన్నంత తిన్నగా మనుషుల్లో ఉండదు.

బావమరిదిని మా డాక్టరు గారు మొదటి నుంచి చూశారు. జ్వరం ఎప్పుడో తగ్గిపోయింది, మెడలో గడ్డల్లేవు, కొత్తగా తీసిన ఎక్స్‌రే కూడా శుభ్రం. ఎంత దగ్గించినా తెమడ రాలేదు. నాలుగు మందులు ఆపించి, అక్కలాగే పన్నెండు వారాల మందుకు మార్చారు. మాత్రలు తీసుకుంటూ కుర్రాడు ఒకటే అడిగాడు: "వీటికి కూడా ఎర్రగానే వస్తుందా సార్?" వస్తుంది, ఇందులో రిఫాపెంటిన్ ఉంది, అది రిఫాంపిసిన్ చుట్టమే అన్నాను. వెనక బెంచీ మీద ఆ మామ్మ నాలుగు మందుల అట్ట ఒళ్లో పెట్టుకొని, మొదటి మోతాదు అన్నానికి ముందా తర్వాతా అని నర్సును అడుగుతోంది.