థానోస్ చిటికెనా, వనరుల రెట్టింపా: లెక్కలో ఏది నిలుస్తుంది?

2018 ఏప్రిల్‌లో "అవెంజర్స్: ఇన్ఫినిటీ వార్" విడుదలయ్యాక మొదలైన వాదన ఇంకా నడుస్తూనే ఉంది. విశ్వంలో సగం ప్రాణులను ఒక్క చిటికెతో మాయం చేసిన ఆ సినిమా విలన్ థానోస్ చెప్పినదాంట్లో న్యాయం ఉందా, లేదా? తెలుగు డబ్బింగ్‌లో రానా గంభీరమైన గొంతుతో ఆ మాటలు చెబుతుంటే, అరె, ఇతను చెప్పేదీ ఆలోచించాల్సిందే కదా అనిపిస్తుంది.

ఈ వాదన కామిక్స్ చదివినవాళ్లలో పుట్టింది కాదు. జిమ్ స్టార్లిన్ రాసిన 1991 కామిక్స్‌లో థానోస్ సగం ప్రాణులను చంపేది మృత్యుదేవత మెప్పు కోసం. అలాంటి ప్రేమపిచ్చిలో ఎవరికీ న్యాయం కనిపించదు. సినిమా వాళ్లు ఆ కారణం తీసేసి కొత్తది పెట్టారు: విశ్వం పరిమితం, వనరులు పరిమితం, ప్రాణులు ఇలాగే పెరిగితే అన్నీ నాశనమవుతాయి. తన సొంత గ్రహం టైటాన్ అలాగే పాడుబడింది కాబట్టి, అతని మాటకు అనుభవం అనే బలం కూడా వచ్చింది. పైగా అతను పేద, ధనిక తేడా చూడనంటాడు. ఎవరు పోవాలో ఎంచుకోడు, అంతా అదృష్టం మీదే వదిలేస్తాడు. అభిమానులను ఎక్కువగా పట్టేసింది ఈ నిష్పక్షపాతమే అని నా అభిప్రాయం.

అతన్ని వ్యతిరేకించేవాళ్ల మొదటి ప్రశ్న అందరికీ తెలిసిందే. చిటికెకు బలమిచ్చిన ఆరు ఇన్ఫినిటీ రాళ్లూ చేతిలో ఉండి ఏదైనా చేయగలిగినప్పుడు, ప్రాణులను సగం చేసే బదులు వనరులను రెట్టింపు చేయొచ్చు కదా? ఈ రెండింటినీ నిజంగా లెక్క వేసి చూద్దాం.

ఒక ఊళ్లో వంద మంది ఉన్నారు, ఏటా వంద బస్తాల బియ్యం పండుతుంది అనుకుందాం. మనిషికి ఒక బస్తా. థానోస్ చిటికె వేశాక యాభై మంది మిగులుతారు, అదే వంద బస్తాలు పండితే మనిషికి రెండు. చిటికె బదులు పంట రెట్టింపైతే వంద మందికి రెండు వందల బస్తాలు, అప్పుడూ మనిషికి రెండే. ఇప్పుడు జనం ఏటా రెండు శాతం పెరుగుతారనుకోండి. యాభై మంది వంద కావడానికి దాదాపు 35 ఏళ్లు. వంద మంది రెండు వందలు కావడానికీ అంతే. అంటే రెండు దారుల్లోనూ 35 ఏళ్లకు మళ్లీ మనిషికి ఒక బస్తా దగ్గరే ఆగుతాం.

వాదనలో రెండు పక్షాలూ తరచుగా వదిలేసేది ఇదే. "రెట్టింపు చేసినా మళ్లీ అయిపోతుంది కదా" అని థానోస్ పక్షం అంటుంది. నిజమే, కానీ సగం చేసినా అంతే. మన భూమినే తీసుకోండి. 2018లో ప్రపంచ జనాభా సుమారు 760 కోట్లు, అందులో సగం 380 కోట్లు. భూమి మీద అంతమంది ఉన్నది 1972 ప్రాంతంలో. 380 కోట్ల ప్రాణాలు తీసి థానోస్ మనల్ని వెనక్కి పంపేది 46 ఏళ్లు మాత్రమే. ఇంత ఘోరం చేసి రాళ్లను కూడా ధ్వంసం చేసేశాడు కాబట్టి రెండోసారి చిటికె వేసే అవకాశం కూడా లేదు.

ఆ లెక్కలో కూడా నేను అతనికి కాస్త మొహమాటపడ్డాను. పంట తగ్గదని ముందే అనుకున్నాను. కానీ చిటికెలో పోయింది మనుషులే కాదు, అన్ని ప్రాణులూ అని మార్వెల్ నిర్మాత కెవిన్ ఫైగీ స్వయంగా చెప్పారు. అంటే పశువులూ పక్షులూ కూడా. తర్వాతి సినిమా "ఎండ్‌గేమ్"లో పోయినవాళ్లను తిరిగి రప్పించడానికి హల్క్ చిటికె వేశాక కిటికీ బయట పక్షులు మళ్లీ కనిపించేది అందుకే. వరి మొక్కా ప్రాణే అనుకుంటే, ఊళ్లో యాభై మంది, యాభై బస్తాలు. మనిషికి మళ్లీ ఒకటే. అప్పుడు చిటికె వల్ల మొదటి రోజు నుంచే లాభం లేనట్టు.

అయినా అభిమానుల చేతిలో గట్టి ఉదాహరణలున్నాయి, వాటిని కొట్టిపారేయకూడదు. ఎండ్‌గేమ్‌లో కెప్టెన్ అమెరికా హడ్సన్ నదిలో తిమింగలాలను చూశానంటాడు. ఓడలు తగ్గాయి, నీళ్లు తేటపడ్డాయి. 2021లో వచ్చిన ఫాల్కన్, వింటర్ సోల్జర్ సిరీస్‌లో సరిహద్దులే వద్దనే కార్లీ బృందం ఇంకో మాట అంటుంది: పోయినవాళ్లు తిరిగి వచ్చేదాకా జనం సగమైన ఐదేళ్లలోనే దేశాలు సరిహద్దులు తెరిచి, దిక్కులేనివాళ్లకు ఇళ్లూ పనులూ ఇచ్చాయని. ఇది ఊరికే కల్పించినది కాదు. 1347లో యూరప్‌లోకి వచ్చిన ప్లేగు కొన్నేళ్లలోనే అక్కడి జనంలో మూడో వంతుకు పైగా బలి తీసుకుంది. తర్వాత ఇంగ్లండ్‌లో కూలీలకు గిరాకీ ఎంత పెరిగిందంటే, కూలి రేట్లను పాత స్థాయిలోనే ఉంచాలని 1351లో ప్రభుత్వం చట్టమే చేసింది. చట్టం పెట్టినా కూలి పెరగడం ఆగలేదు.

అయితే అక్కడ పొలాలూ నాగళ్లూ ఇళ్లూ మిగిలాయి, మనుషులే పోయారు. ప్లేగు ఒక్కసారితో ఆగలేదు కూడా, తరం తరానికీ తిరిగి వస్తూనే ఉంది. జనాభా చాలాకాలం కోలుకోకపోవడానికి అదొక పెద్ద కారణం. ఒక్క దెబ్బతో శాశ్వతమైన సమతూకం వస్తుందని చెప్పడానికి ప్లేగు చరిత్ర థానోస్‌కు సాక్ష్యంగా పనికిరాదు.

రెట్టింపు దారిలోనూ లోపం ఉంది. బొగ్గు రెట్టింపు చేస్తే పొగ కూడా రెట్టింపయ్యే అవకాశం ఉంది, భూమి వైశాల్యం మాత్రం పెరగదు. థానోస్ పక్షంవాళ్లు ఈ మాట ఎత్తినప్పుడు ఒప్పుకోవాల్సిందే. కానీ రెండు దారులూ కొనిచ్చే కాలం ఒకటే అయినప్పుడు, ఒకదానికి సగం ప్రాణాలు మూల్యం, ఇంకోదానికి ఒక్క ప్రాణం కూడా అక్కర్లేదు. ఈ రెండిట్లో రెట్టింపే మేలు, నాకు ఇందులో సందేహం లేదు.

అసలు ఈ రెండు దారులకూ ఆధారం ఒక్కటే నమ్మకం: ప్రాణులు ఆగకుండా పెరుగుతూనే ఉంటారని. మనుషుల విషయంలో అది నిజం కాదని చూడటానికి దూరం వెళ్లక్కర్లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక్కో స్త్రీకి సగటున పిల్లలు ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. జనాభా స్థిరంగా ఉండాలంటే 2.1 కావాలి. ఆడపిల్లల చదువు, పుట్టిన బిడ్డలు బతుకుతారన్న నమ్మకం, కుటుంబ నియంత్రణ సౌకర్యాలు కలిసి ఈ పని చేశాయి. ఇద్దరికంటే ఎక్కువ పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధనను 2024లో ఆంధ్రప్రదేశ్ ఎత్తేసింది కూడా. థానోస్‌కు తట్టని మూడో దారి ఇది. ఆరు రాళ్ల బలం పిల్లల ప్రాణాలు నిలబెట్టడానికి, తల్లుల చదువుకు వాడి ఉంటే చాలా గ్రహాల్లో పెరుగుదల దానంతటదే నెమ్మదించేది.

థానోస్ పక్షానికి మిగిలే చివరి బలం టైటాన్. అక్కడ సగం మందిని చంపాలని సలహా ఇచ్చినప్పుడు అతని దగ్గర రాళ్లు లేవు, రెట్టింపు చేసే వీలూ లేదు. చెప్పినట్టే గ్రహం పోయింది కదా అంటారు. కానీ టైటాన్ ఎందుకు పోయిందో మనకు చెప్పిందీ అతనే. అతను పెంచుకున్న కూతురు గమోరా పుట్టిన గ్రహం గురించి కూడా అతనే చెప్పాడు, సగం మందిని చంపాక అక్కడి పిల్లలు కడుపునిండా తింటున్నారని. 2014 నాటి "గార్డియన్స్ ఆఫ్ ద గెలాక్సీ"లో అధికారుల తెర మీద మాత్రం గమోరా తన జాతిలో మిగిలిన ఆఖరి మనిషి అని రాసి ఉంటుంది. ఇక ఎండ్‌గేమ్‌లో కాలంలో ప్రయాణించి 2014 నుంచి వచ్చిన థానోస్, చిటికె తర్వాతి లోకాన్ని చూసి, ఇది ఫలించదని తేల్చుకుంటాడు. పోయినవాళ్లను మరచిపోనివాళ్లు ఉన్నంతకాలం ఎదురుతిరుగుతూనే ఉంటారు కాబట్టి, విశ్వం మొత్తాన్ని చెరిపేసి కొత్తది సృష్టిస్తానంటాడు. సగం పథకం పనిచేయలేదని ఒప్పుకున్నవాళ్లలో అతనే మొదటివాడు.