కలిసి తిరగడం చూసిన సాక్షా, గడ్డివాములోంచి తీసిన కత్తా: ఏది బలం?

కళ్లారా చూసినవాళ్లు లేని హత్య కేసుల గురించి జూనియర్లు, జడ్జి పరీక్షలకు చదివేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. ఇలాంటి కేసుల్లో సాక్ష్యాల గొలుసు ఎలా ఉండాలో చెప్పిన 1984 నాటి శరద్ బిర్ధీచంద్ సర్దా తీర్పులోని అయిదు సూత్రాలు అందరికీ కంఠతా వచ్చు. చిక్కల్లా వాటిని ఫైలు మీద ప్రయోగించడంలోనే. ఇలాంటి ఛార్జిషీట్లలో చాలావాటికి రెండే కాళ్లు. ఒకటి, హతుడూ ముద్దాయీ చివరిసారి కలిసి కనిపించారనే సాక్ష్యం. రెండోది, ముద్దాయి చూపించిన చోట వస్తువు దొరికిందనే రికవరీ. వీటిలో దేని మీద బరువు మోపవచ్చు?

కలిసి కనిపించడం దగ్గర నేను మొదట చూసేది గడియారాన్ని. చూసిన గంటకూ చావు గంటకూ మధ్య మరో మనిషి దూరడానికి వీలులేనంత తక్కువ వ్యవధి ఉంటేనే ఈ సాక్ష్యానికి విలువ అని 2005లో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం, సతీష్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ వ్యవధిని సాక్షి ఒక్కడే తేల్చలేడు. అందులో సగం పోస్టుమార్టం నివేదికలో ఉంటుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. రాత్రి 9 గంటలకు ఇద్దరూ కల్లు దుకాణం నుంచి కాలువ గట్టు వైపు వెళ్లడం దుకాణదారు చూశాడు. పొద్దున 6 గంటలకు శవం కనిపించింది. మధ్యాహ్నం 2 గంటలకు పోస్టుమార్టం మొదలుపెట్టిన డాక్టరు, చావు 12 నుంచి 24 గంటల ముందు జరిగిందని రాశాడు. అంటే ముందురోజు మధ్యాహ్నం 2 నుంచి అర్ధరాత్రి దాటి 2 దాకా ఎప్పుడైనా కావచ్చు. 9 గంటలకు మనిషి బతికే ఉన్నాడు కనుక మిగిలేది అయిదు గంటలు. గట్టు నలుగురూ నడిచే దారి. అయిదు గంటల్లో అక్కడికి ఎవరైనా రావచ్చు, కాబట్టి లంకె అక్కడ తెగినట్టే.

అదే నివేదికలో కడుపులో పెద్దగా అరగని అన్నం, మాంసం ఉన్నాయని రాసి ఉందనుకోండి. హతుడు 8 గంటలకు భోంచేశాడని ఇంట్లోవాళ్లు చెప్పారు. తిన్న రెండు మూడు గంటల్లో చావు జరిగి ఉండవచ్చని డాక్టరు కోర్టులో అన్నాడు. ఇప్పుడు ఆ అయిదు గంటల కిటికీ 9 నుంచి 11కు కుదించుకుపోయింది. సాక్షి అతనే, చెప్పిన మాటా అదే, బలం మాత్రం రెండింతలకు పైగా పెరిగింది. అయితే జీర్ణం మనిషిని బట్టి, తాగిన మందును బట్టి, భయాన్ని బట్టి మారుతుంది. డిఫెన్సు ఆ ఒక్క ప్రశ్న అడిగి డాక్టరు చేత ‘ఖచ్చితంగా చెప్పలేను’ అనిపిస్తే కిటికీ మళ్లీ తెరుచుకుంటుంది. శవపరీక్ష ఒక రోజు ఆలస్యమైనా అంతే, డాక్టరు చెప్పే అంచనా వెడల్పవుతుంది.

ఇక సాక్షి సంగతి. కలిసి వెళ్లడం చూశానన్నవాడి పేరు శవపంచనామాలో లేదు, వాంగ్మూలం పది రోజుల తర్వాత నమోదైంది, ఆ పది రోజులూ అతను ఊళ్లోనే ఉన్నాడు. ఎందుకు నోరు మెదపలేదనే ప్రశ్నకు జవాబు ఫైల్లో లేకపోతే ఆ సాక్ష్యం నిలవదు. రాత్రిపూట చూసినదైతే ఏ దీపం వెలుగులో చూశాడో పోలీసులు గీసిన ఘటనాస్థలం పటంలో ఉండాలి.

ఇల్లు మాత్రం వేరే లెక్క. నాలుగు గోడల మధ్య భార్య చనిపోతే, ఆ రాత్రి భర్త ఇంట్లోనే ఉన్నాడని రుజువైతే, ఏం జరిగిందో చెప్పాల్సిన బాధ్యత అతనిపై పడుతుంది. 2006లో త్రిముఖ్ మారుతి కిర్కాన్ కేసు చెప్పింది అదే. పాత చట్టంలో ఇది 106వ సెక్షను, భారతీయ సాక్ష్య అధినియంలో 109. ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. ఇంట్లో ఉన్నాడన్న సంగతిని ప్రాసిక్యూషన్ ముందు రుజువు చేయకుండానే ‘అతనెందుకు చెప్పలేదు’ అని వాదిస్తారు. ఆ వాదన చెల్లదు.

రికవరీకి వస్తే, దాని హద్దులు గీసిన తీర్పు మన గడ్డదే. గుంటూరు సెషన్సు కోర్టు నుంచి ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లిన పులుకూరి కొట్టయ్య కేసు, 1947. ముద్దాయి వాంగ్మూలంలో కొట్టి చంపాం అనే మాటా ఉంది, బల్లేన్నీ కర్రనూ ఫలానావాడి గడ్డివాములో దాచాను, వస్తే చూపిస్తాను అనే మాటా ఉంది. రెండోది మాత్రమే చెల్లుతుందన్నారు. అంటే రికవరీతో రుజువయ్యేది ఆ వస్తువు అక్కడ ఉందనీ, ఆ సంగతి అతనికి తెలుసనీ. దానితోనే చంపాడన్నది కాదు. ఆ మిగతా దూరాన్ని వేరే సాక్ష్యం నడవాలి.

ఆ నడకలోనే చాలా కేసులు కూలిపోతాయి. ముద్దాయి మొదట స్టేషనులో పంచనామా సాక్షులైన మధ్యవర్తుల ఎదుట మాట చెప్పాలి, ఆ మాట అతని మాటల్లోనే రాయాలి, ఆ తర్వాతే బయల్దేరాలి. దర్యాప్తు అధికారి కోర్టులో ‘నేరం ఒప్పుకుని కత్తి చూపించాడు’ అని ఊరుకుంటే సరిపోదని 2022లో కర్ణాటకకు చెందిన సుబ్రమణ్య కేసులో సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది. ఏమన్నాడో ఆ మాటలే చెప్పాలి. కత్తి దొరికింది అందరూ తిరిగే తుప్పల్లోనైతే విలువ సగానికి పడిపోతుంది. పోలీసులకు ఆ చోటు ముందే తెలిసి ఉంటే అసలు విలువే లేదు. మధ్యవర్తులు ఎదురు తిరగడం గురించి వేరే చెప్పక్కర్లేదు. కత్తిపై నెత్తురు మనిషిదని, గ్రూపు కలిసిందని ల్యాబు నివేదిక వచ్చినా, అదే గ్రూపు ఊళ్లో ఎందరికో ఉంటుంది. డీఎన్‌ఏ కలిస్తే తప్ప ఆ కత్తి ఈ చావుకు అతుక్కోదు.

అందుకే నా మొగ్గు గడియారం బిగిసిన మొదటి లంకె వైపే. ఆ సాక్షి పోలీసుల చేతుల మీదుగా పుట్టినవాడు కాదు, డాక్టరూ కాదు. రికవరీ మొత్తం అరెస్టు తర్వాత, దర్యాప్తు చేసేవాళ్ల సమక్షంలోనే జరుగుతుంది. దీనికి ఒక్క మినహాయింపు ఇస్తాను. దొరికింది ఆయుధం కాక హతురాలి పుస్తెల తాడో, హతుడి ఫోనో అయి, చావు జరిగిన ఒకటి రెండు రోజుల్లోనే దొరికి, ఇంటివాళ్లు మెజిస్ట్రేటు ముందు గుర్తుపడితే, అది కత్తి కన్నా చాలా ముందుంటుంది. ఎలా వచ్చిందో ముద్దాయి చెప్పాల్సి వస్తుంది. అయినా కలిసి కనిపించడం ఒక్కటే ఉంటే శిక్ష నిలవదని 2014లో కన్హయ్యాలాల్ కేసులో తేలింది. మొదటి లంకె నా లెక్కలో వెన్నెముకే గానీ మొత్తం ఒళ్లు కాదు.

మిగతావి క్లుప్తంగా. పగ ఉందన్నది ఉంటే మంచిదే, అయితే ఊళ్లో ఆ పగ ఇంకెవరికీ లేదని ఎవరు చెబుతారు? ముద్దాయి చెప్పిన అబద్ధపు సంజాయిషీ అదనపు లంకె అవుతుందే తప్ప, తెగినచోట అతుకు కాదు. సర్దా తీర్పే ఆ మాట అంది. ఇక కాల్ రికార్డులు ఫోను ఏ టవరు కింద ఉందో చెబుతాయి. పల్లెల్లో ఒక టవరు కింద నాలుగైదు ఊళ్లుంటాయి, ఫోను ఎవరి చేతిలో ఉందో అది చెప్పదు. సాక్ష్య అధినియం 63వ సెక్షను కింద ధ్రువపత్రం జతపరచకపోతే ఆ కాగితాలు సాక్ష్యంలోకే రావు.