నెలనెలా ఛానెల్ లెక్క: ఏడాదిన్నర చేశాక

ప్రతి నెలా మొదటి ఆదివారం నేనూ తమ్ముడూ కూర్చుని మా యూట్యూబ్ షార్ట్స్ ఛానెల్లో ఏ రకం వీడియోలు ఉంచాలో, ఏవి మార్చాలో, ఏవి ఆపాలో తేల్చుకుంటాం. ఏడాదిన్నరగా చేస్తున్నాం. ఇందుకు రాసుకునే పట్టికలో నాకు కోపం ఒక్క గడి మీదే: వ్యూస్.

2025 ఏప్రిల్ లెక్క చూసిన రోజు విశాఖ ఆర్కే బీచ్ మురీ మిక్చర్ వీడియోల వ్యూస్ రెట్టింపు దాటాయి. ఫిషింగ్ హార్బర్ వేలంపాట వీడియోలు మాత్రం చతికిలబడ్డాయి. "హార్బర్ ఆపేద్దాం అన్నయ్యా, తెల్లారగట్ల నాలుగింటికి లేచే బాధ తప్పుతుంది" అన్నాడు తమ్ముడు. ఆపేశాం.

జూలైలో అనుమానం వచ్చింది. అన్ని వ్యూస్ వస్తున్నా సబ్‌స్క్రైబర్లు పెరగరేం? యూట్యూబ్ స్టూడియోలో Advanced mode తెరిచి Engaged views పక్కన పెట్టి చూశాను. ఒక మురీ వీడియోకి వ్యూస్ 9,400, ఇవి 4,100. మార్చిలోనూ ఆ రకానికి సుమారు అంతే. అంటే పెరిగిందేమీ లేదు. 2025 మార్చి 31 నుంచి యూట్యూబ్ షార్ట్స్‌కి లెక్క మార్చింది. వీడియో మొదలైతే ఒక వ్యూ, మళ్లీ మొదటికొస్తే ఇంకొకటి, ఎంతసేపు చూశారన్నది అక్కర్లేదు. మాది 12 సెకన్ల వీడియో, గానుగెద్దులా తిరుగుతుంది. పాత లెక్క Engaged views పేరుతో మిగిలింది, డబ్బులూ దాన్నిబట్టే ఇస్తారు.

హార్బర్ విషయం ఇంకా సిగ్గుచేటు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకి వేట నిషేధం. విశాఖలో పుట్టి ఇది మర్చిపోయాం! బోట్లన్నీ కట్టేసి ఉంటే వేలం ఎక్కడిది? మూసిన కొట్టుకి బేరాల్లేవని తిట్టినట్టయింది.

ఆ హార్బర్ వీడియోల్ని జనం ఏ సెకను దాకా చూశారో చూపే గ్రాఫ్ తీస్తే అసలు లోపం వేరే దొరికింది. మొదటి నాలుగు సెకన్లు సూర్యోదయం పెట్టేవాళ్లం. అక్కడే సగం మంది జారిపోతున్నారు. ఇప్పుడు హార్బర్ మళ్లీ తీస్తున్నాం, వంజరం ధర అరుపుతోనే మొదలుపెడుతున్నాం, గీత అంత నిట్టనిలువుగా పడట్లేదు. మురీ నెలకి రెండే.

ప్రతి వీడియోకీ ఏడో రోజు అంకె రాస్తాం, లేకపోతే నెల మొదట్లో పెట్టినవే గెలుస్తాయి. పక్కన 'ఆ నెల ఏం జరిగింది' అని ఒక గడి చేర్చాం. వరసగా రెండు నెలలు బాగోకపోతేనే ఏదైనా ఆపుతాం.

గంటలో తేలిపోతుందని మొదట్లో అందరికీ చెప్పాను. ఇప్పుడు మూడు గంటలు పడుతోంది. మాది నెలకి పన్నెండు వీడియోల ఛానెల్, ఒక్కో రకానికి నాలుగైనా పడవు. అందులో ఒకటి వైరల్ అయితే సగటు పనికిరాదు, అది తీసేసి చూస్తాం. రోజూ రెండు పెట్టేవాళ్లకి లెక్క ఇంకా నిక్కచ్చిగా రావచ్చు. తమ్ముడు మాత్రం నాలుగింటికి అలారం మోగినప్పుడల్లా ఆ గ్రాఫ్‌నే తిట్టుకుంటున్నాడు.