ఊరించే సబ్జెక్టా, విషయం చెప్పేసే సబ్జెక్టా: న్యూస్‌లెటర్‌కి ఏది మేలు?

మిద్దె తోటల వాళ్లకి పదిహేను రోజులకోసారి ఒక న్యూస్‌లెటర్ పంపుతుంటాను. అది చూసి సొంతంగా మొదలుపెట్టినవాళ్లు అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే. సబ్జెక్ట్ లైన్లో విషయం దాచిపెట్టి ఊరించాలా, ఉన్నది ఉన్నట్టు చెప్పేయాలా? ఊరిస్తే తెరుస్తారు, చెప్పేస్తే నమ్ముతారు అని ఇన్నాళ్లూ నేనూ జవాబిచ్చేవాణ్ణి. మొన్న మే నెలలో ఆ జవాబు తప్పని తేలింది.

ఆ సంచిక టమాటాలో వచ్చే ఆకుముడత తెగులు గురించి. అది వైరస్. తెల్లదోమ మోసుకొస్తుంది. సోకిన మొక్కని బాగుచేసే మందు లేదు, పక్క మొక్కలకి అంటకుండా పీకేయడమే. అందుకని సబ్జెక్ట్ సూటిగా పెట్టాను: "టమాటా ఆకు ముడిస్తే మొక్క పీకేయండి". దాపరికం లేదు, సాగదీత లేదు. నాకైతే బాగా నచ్చింది.

మర్నాడు ఒక రిటైర్డ్ టీచరమ్మ దగ్గర్నుంచి జవాబొచ్చింది. "పీకేశాను బాబూ, నాలుగు మొక్కలు. కాయల మీద ఉన్నాయి, ప్రాణం ఉసూరుమంది." ఫోటో పంపమంటే చెత్తబుట్టలో పడున్న మొక్కల ఫోటో పంపారు. చిగుళ్లు పచ్చగా, నిండుగా ఉన్నాయి. కింది ముదురు ఆకులు మాత్రం దొప్పల్లా పైకి ముడుచుకున్నాయి. అది తెగులు కాదు, మే నెల ఎండకి మొక్క తన నీళ్లు కాపాడుకోవడం. "ఎండకి కూడా ఆకు ముడుచుకుంటుంది, తొందరపడకండి" అని మెయిల్ లోపల రెండో పేరాలో రాశాను. ఆవిడ మెయిల్ తెరవలేదు. ఫోన్ మీద నోటిఫికేషన్ చదివి మిద్దెక్కారు.

నా సబ్జెక్ట్‌లో అబద్ధం లేదు. తెరిచి చదివినవాళ్లకి అంతా సవ్యంగానే ఉంది. పైపైన చూసి వదిలేసేవాళ్లకే అది తప్పుడు సలహా అయింది. నా లెక్కలో ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది అదే. తెరిచేవాళ్ల కోసం మనం ఎలాగూ మెయిల్ మొత్తం రాస్తాం. తెరవనివాళ్లకి అందేది మూడే ముక్కలు: పంపినవారి పేరు, సబ్జెక్ట్, దాని పక్కన బూడిద రంగులో కనిపించే ప్రివ్యూ. ఆ మూడూ చదివి మనిషి ఏం నమ్ముతాడు, ఏం చేస్తాడు? నిజాయితీని కొలవాల్సింది అక్కడ.

ఈ కొలతకి ఊరించే సబ్జెక్ట్ నిలుస్తుందా? అదే సంచికకి "టమాటా పెంచేవాళ్లంతా చేసే ఒక తప్పు" అని పెట్టొచ్చు. దీన్ని చదివి ఎవరూ మొక్క పీకరు, అంతవరకు నయం. కానీ తెరవనివాళ్లకి ఏమీ అందదు. తెరిచినవాళ్లకి మనం ఒక బాకీ పడతాం. ఆ తప్పేంటో మొదటి వాక్యంలోనే చెబితే బాకీ తీరినట్టు. "ఎండలు మండిపోతున్నాయి, అందరూ క్షేమమని తలుస్తాను" అంటూ మొదలుపెట్టి ఐదో పేరాలో చెబితే, రెండోసారి అలాంటి సబ్జెక్ట్ చూసి నమ్మరు. పైగా "అంతా" అన్న మాట నిజమా? నాకు తెలిసింది నలుగురైదుగురు చేసిన తప్పు. అయినా దీన్ని పూర్తిగా కొట్టిపారేయను. కబుర్ల సంచికకి, అనుభవాల సంచికకి చక్కగా కుదురుతుంది. చదివినవాళ్లు వెంటనే ఏదో ఒక పని చేసేసే విషయాలకి మాత్రం వాడను.

"కానీ ఎక్కువమంది తెరుస్తారు కదా" అంటారు. 2021లో ఆపిల్ తన మెయిల్ యాప్‌లో తెచ్చిన గోప్యతా రక్షణతో ఆ అంకెని నమ్మడం కష్టమైపోయింది. ఆ రక్షణ ఆన్ చేసి ఉంటే, మనిషి మెయిల్ చూసినా చూడకపోయినా అందులోని బొమ్మలన్నీ ముందే డౌన్‌లోడ్ అయిపోతాయి. తెరిచారో లేదో లెక్కపెట్టే కనిపించని బొమ్మ కూడా వాటితోపాటే. అందుకే నేను తెరిచినవాళ్ల సంఖ్య పక్కనపెట్టి, వచ్చిన జవాబులు, లింక్ నొక్కినవాళ్లు, చందా మానేసినవాళ్లు, ఈ మూడే చూస్తున్నాను.

సరే, టీచరమ్మకి క్షమాపణ చెప్పి సవరణ మెయిల్ రాయబోయాను. "టమాటా ఆకు ముడిచినంత మాత్రాన మొక్క పీకేయకండి" అని పెట్టి, ముందు నా ఫోన్‌కే పంపుకుని చూశాను. ఇన్‌బాక్స్‌లో ఇలా కనిపించింది:

"టమాటా ఆకు ముడిచినంత మాత్రాన మొక్క పీకేయ…"

గుండె గుభేలుమంది. తెలుగులో కాదు, లేదు, వద్దు అన్నీ వాక్యం చివరే వస్తాయి. ఫోన్ తోక కత్తిరిస్తే అర్థమే తిరగబడుతుంది. ఇంగ్లీషులో రాసేవాళ్లకి ఇచ్చే "ఇన్ని అక్షరాల లోపు" అన్న సలహా మనకి అక్కరకు రాదు. ఒత్తులు, గుణింతాలు కలిసి ఎంత వెడల్పు పడతాయో ఫోన్‌ని బట్టి, ఫాంట్‌ని బట్టి మారుతుంది. అందుకే కీలకమైన మాట మొదటి మూడు నాలుగు పదాల్లోనే పడాలి. "వద్దు" అనాల్సొస్తే వాక్యాన్ని తిప్పి రాయాలి, లేదంటే వద్దన్న మాటే లేకుండా చేయాల్సిన పని చెప్పాలి.

చివరికి పంపింది ఇది:

"టమాటా ఆకు ముడిచిందా? ముందు చిగురు చూడండి"

ఎక్కడ తెగినా ప్రమాదం లేదు. "ముడిచిందా?" దగ్గరే తెగితే ఉట్టి ప్రశ్న మిగులుతుంది. పూర్తిగా కనిపిస్తే తెరవనివాళ్లకి కూడా ఒక పని దొరుకుతుంది. చిగురులో ఏం చూడాలన్న కుతూహలం మాత్రం మిగిలే ఉంటుంది, దానికి జవాబు నిజంగానే లోపల ఉంది. మొదటి వాక్యం ఇలా రాశాను: "చిగురు మామూలుగా ఉండి కింది ఆకులే ముడుచుకుంటే అది చాలావరకు ఎండ దెబ్బ, చిగురే చిన్నదై, పసుపు తిరిగి, ముడతలు పడితే ఆకుముడత తెగులని అనుమానించాలి." ఆ తర్వాతే ఆకు కింద తెల్లదోమని ఎలా వెతకాలి, పసుపు జిగురు అట్టలు ఎక్కడ కట్టాలి అన్నవి. సగం చెప్పి సగం దాచే ఈ పద్ధతి వైపే నేను మొగ్గుతున్నాను, దాచిన సగం తెలియకపోయినా ఎవరికీ నష్టం లేకపోతేనే సుమా.

మొదటి వాక్యం మీద అంత పట్టుదల ఎందుకంటే, విడిగా ఏమీ ఇవ్వకపోతే మెయిల్ యాప్‌లు ప్రివ్యూగా దాన్నే చూపిస్తాయి. టెంప్లేట్ పైన "View this email in your browser" అన్న లింక్ ఉంటే ఆ చోటంతా అదే మింగేస్తుంది. పంపే సర్వీసుల్లో చాలావాటికి "Preview text" అని ఒక పెట్టె ఉంటుంది, దాన్ని ఖాళీగా వదలొద్దు. సబ్జెక్ట్‌నే మళ్లీ అందులో రాయడం కూడా చోటు వృథా. "నమస్కారం" మానేయనక్కర్లేదు, పెట్టెలో ప్రివ్యూ విడిగా రాసుకుంటే లోపల ఎంత మర్యాదగానైనా మొదలుపెట్టొచ్చు.

ఇక మిగతావి. "మిద్దె తోట లేఖ, సంచిక 42" లాంటి సబ్జెక్ట్ మనకి ఫైలు పేరుగా పనికొస్తుంది, చదివేవాళ్లకి కాదు. ఎమోజీ ఒకటి ఉన్నా పర్లేదు, లేకున్నా పర్లేదు. ముందు "Re:" తగిలించి పాత సంభాషణలా కనిపించేలా చేయడం మోసమే. అమెరికాలో వ్యాపార మెయిళ్లకి మోసపు సబ్జెక్ట్ పెట్టడం 2003 నాటి చట్టం ప్రకారం తప్పు కూడా.

ఇప్పుడు ప్రతి సంచికా పంపేముందు మా వదిన ఫోన్‌కి పంపి, తెరవకుండానే అడుగుతున్నాను: "వదినా, దీన్ని చూసి నువ్వేం చేస్తావ్?" రాబోయే సంచిక వేపనూనె మీద. "వేపనూనె సాయంత్రమే కొట్టండి" అని పెట్టాను. "సరే, ఇవాళ సాయంత్రం కొట్టేస్తా, సీసాలో ఉన్నది అలాగే కొట్టేయనా?" అంది. లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్లన్న కొలత, సబ్బునీళ్ల సంగతి లోపల మూడో పేరాలో ఉన్నాయి. సబ్జెక్ట్ మళ్లీ రాస్తున్నాను.