మాంటే కార్లోతో ఆప్షన్ ధర కట్టడం: చాలా ఏళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

ఆప్షన్ అంటే ఒక షేరును ముందే అనుకున్న ధరకు కొనే లేదా అమ్మే హక్కు. ఆప్షన్ల ధర కట్టే పనిలో మాంటే కార్లో సిమ్యులేషన్‌ని ఏళ్ల తరబడి వాడుతున్నాను. ఇంకా వాడతాను కూడా. అది ధరతో పాటు ఆ ధరను ఎంతవరకు నమ్మవచ్చో చెప్పే రెండో అంకెను కూడా ఇస్తుంది. ఆ రెండో అంకె పేరు స్టాండర్డ్ ఎర్రర్. ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. బాగా తెలుసుకుని వాడాల్సింది కూడా దాన్నే.

ఆలోచన సులువైనదే. షేరు ధర రేపు, ఎల్లుండి, ఏడాది తర్వాత ఎలా ఉంటుందో మనకు తెలియదు. కాబట్టి కంప్యూటర్‌తో వేల కొద్దీ ర్యాండమ్ దారులు వేయిస్తాం. ఒక్కో దారి చివర ఆప్షన్ ఎంత ఇస్తుందో చూసి, ఆ డబ్బును వడ్డీ రేటుతో ఈరోజు విలువకు తెచ్చి, అన్నిటికీ సగటు తీస్తాం. ఆ సగటే ధర. ఆప్షన్లకు ఈ పద్ధతిని చూపించినవాడు ఫెలిమ్ బాయిల్, 1977లో. అప్పటికి ఆప్షన్ ధరను నేరుగా ఇచ్చే బ్లాక్-షోల్స్ ఫార్ములా వచ్చి నాలుగేళ్లయింది.

ఒక లెక్క తీసుకుందాం. షేరు ఈరోజు 100 రూపాయలు, ముందే అనుకున్న ధర అయిన స్ట్రైక్ 100, గడువు ఏడాది, వడ్డీ 5 శాతం, షేరు ఎంత ఊగుతుందో చెప్పే వోలటిలిటీ 20 శాతం. యూరోపియన్ కాల్, అంటే గడువు రోజున మాత్రమే వాడుకోగలిగే కొనే హక్కు. దీనికి బ్లాక్-షోల్స్ ధర 10.45 రూపాయలు. సరైన జవాబు ముందే తెలుసు కాబట్టి సిమ్యులేషన్‌ని పరీక్షించడానికి ఇంతకన్నా మంచి కేసు లేదు.

```python
import numpy as np
rng = np.random.default_rng(7)
S, K, r, sig, T, n = 100, 100, 0.05, 0.2, 1.0, 10_000
z = rng.standard_normal(n)
ST = S*np.exp((r - 0.5*sig**2)*T + sig*np.sqrt(T)*z)
pv = np.exp(-r*T)*np.maximum(ST - K, 0)
print(pv.mean(), pv.std(ddof=1)/np.sqrt(n))
```

షేరు పెరుగుదల దగ్గర `r` వాడామని గమనించండి. ఆ షేరు ఏడాదికి 15 శాతం పెరుగుతుందని మీ నమ్మకం కావచ్చు, కానీ ఆ నమ్మకానికి ఇక్కడ చోటు లేదు. షేరు కొంటూ అమ్ముతూ ఆప్షన్ రిస్కును తీసేయవచ్చన్న వాదన మీద ఈ ధర నిలబడింది కాబట్టి, దారులన్నీ వడ్డీ రేటుతోనే పెరగాలి. ఇంకొక సంగతి, ఈ ఆప్షన్‌కి గడువు రోజు ధర ఒక్కటి చాలు. అందుకే కోడ్ ఒకే గెంతులో ఏడాది చివరికి వెళ్లిపోయింది. మధ్యలో రోజువారీ ధరలు కావాల్సిన ఆప్షన్లు వేరే ఉన్నాయి, వాటి దగ్గరకు తర్వాత వస్తాను.

ఇప్పుడు రెండో అంకె. పైన వచ్చిన 10,000 విలువల్లో దాదాపు 44 శాతం సున్నాలే, ఎందుకంటే ఆ దారుల్లో షేరు 100 దాటలేదు. మిగతావి కొన్ని పైసల నుంచి వంద రూపాయల పైదాకా ఎక్కడైనా ఉండవచ్చు. ఈ చెల్లాచెదురును కొలిస్తే స్టాండర్డ్ డీవియేషన్ సుమారు 14.7 వస్తుంది. అంటే ఒక్కో దారి చెప్పే ధరలో ఉన్న అనిశ్చితి అసలు ధరకన్నా పెద్దది. దారుల సంఖ్య ఎంత పెంచినా ఈ 14.7 తగ్గదు, అది ఆప్షన్ స్వభావం. తగ్గేది సగటులోని అనిశ్చితి. 14.7ని దారుల సంఖ్య వర్గమూలంతో భాగిస్తే వచ్చేదే స్టాండర్డ్ ఎర్రర్. 10,000 వర్గమూలం 100, కాబట్టి 0.147, అంటే సుమారు 15 పైసలు.

దీన్ని ఎలా చదవాలి? ఒక రన్‌లో ధర 10.30 వచ్చిందనుకోండి. దానికి అటూ ఇటూ 1.96 రెట్ల స్టాండర్డ్ ఎర్రర్, అంటే 29 పైసలు పెడితే 10.01 నుంచి 10.59 దాకా ఒక పరిధి వస్తుంది. సీడ్, అంటే ర్యాండమ్ సంఖ్యల వరుసను మొదలుపెట్టే అంకె, మారుస్తూ మళ్లీ మళ్లీ నడిపి ప్రతిసారీ ఇలాంటి పరిధి గీస్తే, నూటికి సుమారు 95 సార్లు అసలు ధర 10.45 ఆ పరిధిలో ఉంటుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు నేను చెప్పే మొదటి పని ఇదే: సీడ్ మార్చి కొన్ని వందల సార్లు నడిపి, వచ్చిన ధరల స్టాండర్డ్ డీవియేషన్ తీయండి. అది 0.147 దగ్గరకు రావాలి. రాకపోతే కోడ్‌లో ఎక్కడో తేడా ఉంది.

వర్గమూలం వల్ల ఖర్చు బాగా పెరుగుతుంది. స్టాండర్డ్ ఎర్రర్‌ను 15 పైసల నుంచి ఒకటిన్నర పైసకు తేవాలంటే దారులు పది రెట్లు పెంచితే చాలదు, వంద రెట్లు కావాలి. అంటే 10 లక్షలు. చాలామంది ఇక్కడే దారులు పెంచుకుంటూ పోతారు. నేను ముందు ప్రతి ర్యాండమ్ సంఖ్య `z`కి జతగా `-z` కూడా వాడతాను. ఒకటి పైకి పోతే రెండోది కిందికి పోతుంది, రెండిటి సగటు తక్కువ ఊగుతుంది. మన లెక్కలో మొత్తం 10,000 దారులే ఉంచి 5,000 జతలుగా చేస్తే స్టాండర్డ్ ఎర్రర్ 0.147 నుంచి 0.104కి దిగుతుంది. దారులు రెట్టింపు చేసినంత లాభం. అయితే స్టాండర్డ్ ఎర్రర్ లెక్క జతల సగటుల మీద వేయాలి. 10,000 విలువలనూ విడివిడిగా పరిగణిస్తే మళ్లీ 0.147 అనే కనబడుతుంది, ధర మెరుగైనా మీకు తెలియదు. ఈ ఫార్ములా విలువలు ఒకదానితో ఒకటి సంబంధం లేనివని అనుకుంటుంది, జతలోని రెండూ అలాంటివి కావు.

స్టాండర్డ్ ఎర్రర్‌ను నమ్మకూడని చోట్లు నాకు రెండు కనిపించాయి.

మొదటిది, స్ట్రైక్ చాలా దూరంగా ఉన్న ఆప్షన్లు. అదే షేరుకు స్ట్రైక్ 150 పెడితే ధర 36 పైసలు. 10,000 దారుల్లో డబ్బు తెచ్చేవి దాదాపు 300 మాత్రమే. స్టాండర్డ్ ఎర్రర్ 3 పైసల కన్నా కొంచెం తక్కువ. వినడానికి చిన్నదే, కానీ ధరలో అది 8 శాతం. 100 స్ట్రైక్ దగ్గర ఇది ఒకటిన్నర శాతం కూడా లేదు. అందుకే నేను స్టాండర్డ్ ఎర్రర్‌ను రూపాయల్లోనూ, ధరలో శాతంగానూ రెండు రకాలుగా రాసుకుంటాను. స్ట్రైక్‌ను 200కి తీసుకెళ్తే ఇంకా విచిత్రం. ఒక దారి 200 దాటే అవకాశం 0.05 శాతం లోపే. 1,000 దారులతో నడిపితే మూడింట రెండు సార్లకు దగ్గరగా ఒక్క దారి కూడా దాటదు. అప్పుడు ధర సున్నా, స్టాండర్డ్ ఎర్రర్ కూడా సున్నా. స్క్రీన్ మీద చూస్తే ఏ సందేహమూ లేని జవాబులా ఉంటుంది. నిజానికి ఆ దారులు ఆప్షన్ గురించి మనకు ఏమీ చెప్పలేదు. స్టాండర్డ్ ఎర్రర్‌ను కూడా అవే దారుల నుంచి తీస్తున్నాం కాబట్టి ఇలా జరుగుతుంది. డబ్బు తెచ్చిన దారులు ఎన్నో కూడా ప్రింట్ చేయించండి. ఆ సంఖ్య వందల్లో లేకపోతే నేను ఆ ధరను ఎవరికీ ఇవ్వను.

రెండోది ఇంతకన్నా ముఖ్యం, గడువు రోజు ధర ఒక్కటే చాలని ఆప్షన్లు. మాంటే కార్లో నిజంగా అవసరమయ్యేది ఇలాంటి ఆప్షన్లకే. మామూలు యూరోపియన్ కాల్‌కి దీన్ని వాడాల్సిన పని లేదు. నిఫ్టీ ఆప్షన్లు కూడా యూరోపియన్ పద్ధతివే, వాటికి ఫార్ములాతో క్షణంలో ధర వస్తుంది. దారి మధ్యలో ఏం జరిగిందో చూడాల్సిన ఆప్షన్ వస్తే సంగతి వేరు. ఉదాహరణకు పై కాల్‌కే ఒక షరతు పెడదాం: ఏడాదిలో ఎప్పుడైనా షేరు 90ని తాకితే ఆప్షన్ రద్దు. దీన్ని బ్యారియర్ ఆప్షన్ అంటారు. ఈ సులువైన రకానికి ఫార్ములా ఉంది, ధర 8.67. ఇప్పుడు 252 ట్రేడింగ్ రోజులకు ఒక్కో ధర చొప్పున దారులు వేసి, ఏ రోజైనా 90 లేదా అంతకన్నా తక్కువ ఉందా అని చూస్తే సిమ్యులేషన్ 8.91 దగ్గర నిలుస్తుంది. 10 లక్షల దారులతో స్టాండర్డ్ ఎర్రర్ ఒకటిన్నర పైస. పరిధి 8.88 నుంచి 8.94. అసలు ధర దానికి చాలా కింద ఉంది. కోటి దారులు వేస్తే పరిధి ఇంకా సన్నబడుతుంది, అదీ తప్పు జవాబు చుట్టూనే.

కారణం ఇది. దారి నిన్న 91 దగ్గర ఉంది, ఈరోజూ 91 దగ్గరే ఉంది. మన కోడ్ ఈ రెండే చూసి, తాకలేదని రాసుకుంటుంది. కానీ ఆ రెండు బిందువుల మధ్య 90ని తాకి వెనక్కి వచ్చే అవకాశం 21 శాతం. రద్దవ్వాల్సిన దారులు బతికిపోయి ధరను పైకి లాగుతున్నాయి. స్టాండర్డ్ ఎర్రర్ ర్యాండమ్ సంఖ్యల వల్ల వచ్చే ఊగిసలాటను మాత్రమే కొలుస్తుంది. దారులన్నీ ఒకే వైపు తప్పుతుంటే దానికి కనబడదు.

దీన్ని పట్టుకోవడానికి దారుల సంఖ్య అలాగే ఉంచి, ఒక్కో దారిలో ధర చూసే అడుగులను రెట్టింపు చేయండి. 504 అడుగులతో ధర 8.84కి దిగుతుంది. 7 పైసల మార్పు, స్టాండర్డ్ ఎర్రర్ చూస్తే ఒకటిన్నర పైసే. ఇంత తేడా ర్యాండమ్‌గా రాదు. అలాగని అడుగులు పెంచుతూ పోవడం దండగ, ఎందుకంటే ఈ తప్పు సగం కావాలంటే అడుగులు నాలుగు రెట్లు కావాలి. 1997లో బ్రాడీ, గ్లాసర్‌మన్, కౌ చూపిన సవరణ ఎంతో తేలిక: బ్యారియర్‌ను `exp(0.5826*sig*sqrt(dt))` రెట్లు షేరు వైపు జరపండి, ఇక్కడ `dt` అంటే ఏడాదుల్లో ఒక అడుగు పొడవు. రోజువారీ అడుగులకు 90 కాస్తా 90.66 అవుతుంది. దానితో నడిపితే ధర 8.67 దగ్గరకు వచ్చేస్తుంది. నేను దీన్ని చాలాసార్లు వాడాను, షేరు బ్యారియర్‌కి మరీ దగ్గరగా లేనంతవరకు బాగా పనిచేస్తుంది. దగ్గరగా ఉంటే మాత్రం, రెండు రోజుల మధ్య తాకే అవకాశాన్ని ఫార్ములాతో లెక్కేసి ప్రతి అడుగులోనూ కలపడమే మేలు.

ముందు కాంట్రాక్టు చదవాలని మాత్రం ఎవరూ మర్చిపోవద్దు. రోజు ముగింపు ధరనే చూడాలని అందులో రాసి ఉంటే, 8.91 సరైన ధర, సవరణ చేస్తేనే తప్పు.

ఇక కొత్తవాళ్లకు టెన్షన్ పెట్టేది మెమరీ. 10 లక్షల దారులు, 252 అడుగులు ఒకేసారి నంపై అరేలో పెడితే ఆ ఒక్క అరేకే 2 జీబీ పైన పోతుంది, మధ్యలో వచ్చే అరేలు దానికి అదనం. 50,000 దారుల చొప్పున విడతలుగా నడిపి, ప్రతి విడతలో విలువల మొత్తం, వర్గాల మొత్తం, సంఖ్య మాత్రమే దాచుకోండి. చివర్లో సగటు, స్టాండర్డ్ ఎర్రర్ రెండూ ఆ మూడింటి నుంచే వస్తాయి. విడతలను వేర్వేరు ప్రాసెసర్లకు పంచితే మాత్రం ఒక్కోదానికి వేరే సీడ్ వెళ్లిందో లేదో చూసుకోవాలి. ఎనిమిదింటికీ ఒకే సీడ్ వెళ్తే అవే దారులు ఎనిమిది సార్లు లెక్కకొస్తాయి, స్టాండర్డ్ ఎర్రర్ ఉన్నదానిలో దాదాపు మూడో వంతుగా కనబడుతుంది. నంపైలో దీనికి `SeedSequence(7).spawn(8)` ఉంది, నేను అదే వాడతాను. విడతల సగటులను విడిగా ప్రింట్ చేస్తే, రెండు విడతలు అచ్చం ఒకే అంకె ఇచ్చాయేమో వెంటనే కనబడుతుంది.