రాజీ పడితే కేసు పోతుందా? 498ఏ ఒకవైపు, 307 మరోవైపు

భార్యాభర్తలు విడిపోయి, ఇవ్వాల్సిన డబ్బు, సామాను ఇచ్చేశాక, భార్యను వేధించారంటూ పాత ఐపీసీ కింద పెట్టిన 498ఏ కేసు కొట్టేయమని ఇద్దరూ హైకోర్టుకెళ్తే సాధారణంగా కొట్టేస్తుంది. గొడవ ఆ ఇద్దరిదే, పైగా ఫిర్యాదు చేసినావిడే సాక్ష్యం చెప్పకపోతే శిక్ష పడే అవకాశం దాదాపు ఉండదు. 2012లో జ్ఞాన్ సింగ్ తీర్పులో సుప్రీంకోర్టు చూపిన దారి ఇదే. అయితే ఆమెను బెదిరించి సంతకం పెట్టించారని అనుమానమొస్తే కోర్టు ఆగిపోతుంది, ఆగాలి కూడా.

హత్యాయత్నం, అంటే పాత 307, అలా కాదు. అది సమాజం మీద నేరం. కానీ ఎఫ్ఐఆర్‌లో 307 ఉందని ఆశ వదలొద్దు: 2014 నరీందర్ సింగ్ తీర్పు ప్రకారం గాయం ఎక్కడ తగిలింది, ఏ ఆయుధం వాడారు అన్నది చూస్తారు. గట్టు తగాదాలో చేతి మీద కర్ర దెబ్బ పడి, విచారణ మొదలవకముందే రాజీకొస్తే అవకాశం ఉంది. అదే తల మీద కొడవలి వేటైతే, దెబ్బ తిన్నవాడు క్షమించానన్నా చాలావరకు కేసు నడుస్తుంది.